వెంట్రుకల కోసం వేసుకున్న బీపీ గోలీ

పోయిన నెల మేము ఫోటో మార్చినప్పటి నుంచి ఒకటే అడుగుడు. "అన్నా, నెత్తి నిండింది, ఏం వాడినవ్?" "గోలీ పేరు పంపవా?" అని. పేరు చెప్పుడు ఒక్క నిమిషం పని. కానీ మా ఇంట్లో ఆ పేరు ఒక్కటే తెలిసి, మిగతాది తెలియక ఏం జరిగిందో చెప్పకుండా పేరు పంపితే తప్పు చేసినట్టు. అందుకే ఆదివారం సెలవు చూసుకుని పొడుగ్గా రాస్తున్నాం. మేము అంటున్నది గొప్పకు కాదు. ఇది షార్జాలో ఉన్న మొగుడిది, జగిత్యాల దగ్గర ఊళ్ళో ఉన్న పెండ్లాందీ, ఇద్దరిదీ కథ. ఆమెను అడిగే రాస్తున్నాం.

గోలీ పేరు మినాక్సిడిల్. మందుల షాపులో సీసాలో దొరికే, నెత్తికి రాసుకునే మందు కూడా అదే. మేము వాడుతున్నది నోట్లో వేసుకునేది.

మాకు ముప్పై అయిదు దాటినప్పటి నుంచి నడినెత్తి పలచబడుకుంట వచ్చింది. మన క్యాంపుల్లో అందరం అనుకునేదే మేమూ అనుకున్నాం, ఇక్కడి నీళ్ళు పడలేదని, హెల్మెట్ వేడికి రాలుతున్నయని. పోయిన ఏడు జనవరిలో సెలవు మీద పోయినప్పుడు కరీంనగర్‌లో చర్మం డాక్టరమ్మ దగ్గర కూర్చుంటే ఆమె మొదటిమాటగానే అది కొట్టేసింది. ఉప్పు నీళ్ళకు వెంట్రుక గరుకుగా అయితది, తెగుతది, కానీ కుదురు చావదట. హెల్మెట్ వల్ల బట్టతల రాదట. "మీ నాయనకు ఎట్ల ఉండె?" అని అడిగింది. మా నాయనది పూర్తి బట్టతల. కథ అక్కడనే తేలిపోయింది.

ఆమె ముందు గోలీ రాయలేదు. రాసుకునే మందు, అయిదు శాతంది, పొద్దున సాయంత్రం వాడమన్నది. అది ఇంతకు ముందే ఏడాది ప్రయత్నం చేసినం అని చెప్పినం. నాలుగున్నరకు లేచి బస్సు ఎక్కేటోనికి నెత్తికి మందు రాసి ఆరబెట్టే తీరిక ఏడ ఉంటది? రాసినా దాని మీద హెల్మెట్, లోపల చెమట, జిడ్డు, దురద. వారానికి రెండు రోజులు రాసి అయిదు రోజులు మానేసినం. ఆమె నవ్వి, అట్ల రాస్తే పనిచేయదు అన్నది. అప్పుడు గోలీ సంగతి తీసింది.

ఆమె చెప్పింది మాకు అర్థమైనట్టు చెప్తాం. ఈ మినాక్సిడిల్ పుట్టింది వెంట్రుకల కోసం కాదు. వేరే ఏ మందుకూ దిగని బీపీ కోసం అమెరికాలో 1979లో అనుమతి వచ్చిన గోలీ. రక్తనాళాలను వదులు చేస్తది. బీపీకి రోజుకు పది నుంచి నలభై మిల్లీగ్రాముల దాకా ఇచ్చేవాళ్ళు. వేసుకున్న వాళ్ళకు మొహం మీద, చేతుల మీద, అంతటా వెంట్రుకలు రావడం మొదలైంది. అది చూసి నెత్తికి రాసుకునే మందు తయారు చేసిన్రు, అది 1988లో వచ్చింది. అంటే మనం ఏ లాభం కోసం వాడుతున్నామో, అది అసలు మందుకు సైడ్ ఎఫెక్టు. ఇప్పుడు డాక్టర్లు అదే గోలీని చాలా తక్కువ డోసులో జుట్టు కోసం రాస్తున్నరు. మగవాళ్ళకు మామూలుగా రెండున్నర నుంచి అయిదు మిల్లీగ్రాములు, ఆడవాళ్ళకు పావు మిల్లీగ్రాము నుంచి రెండున్నర లోపల. గోలీ డబ్బా మీద కాగితం చూస్తే జుట్టు అని ఎక్కడా ఉండదు, బీపీ అనే ఉంటది. డాక్టరు తన అనుభవం మీద, మన ఒంటిని చూసి రాసేది ఇది.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పింది. గోలీ అంటే రాసుకునే మందు కంటే బలమైనది అనుకోవద్దని. బ్రెజిల్‌లో మగవాళ్ళ మీద ఈ రెండింటినీ పోల్చి చూసిన్రట, అయిదు మిల్లీగ్రాముల గోలీ ఒక దిక్కు, రోజుకు రెండుసార్లు రాసే మందు ఒక దిక్కు. ఆరు నెలలకు గోలీది పైచేయి కాలేదు. గోలీ వేసుకున్న వాళ్ళలో దాదాపు సగం మందికి ఒంటి మీద వెంట్రుకలు మాత్రం పెరిగినయి. కాబట్టి మాలాగా రాసుకోవడం కుదరనోళ్ళకు, రాస్తే దురద పెట్టేవాళ్ళకు గోలీ. రాసుకోగలిగినోళ్ళు ఒంట్లోకి ఎందుకు పంపుకోవాలి అన్నది ఆమె లెక్క.

తర్వాత ప్రశ్నలు. గుండె జబ్బు ఉన్నదా, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తదా, ఛాతీలో నొప్పి వచ్చిందా, కిడ్నీ సంగతి ఏంది, కాళ్ళు వాస్తయా, వేరే ఏ గోలీలు వేసుకుంటరు. ఆరోగ్యంగా ఉన్నోళ్ళకు ప్రతి ఒక్కరికీ ఈసీజీ, రక్తపరీక్షలు అక్కర లేదట. కానీ మా నాయనకు గుండె బాధ ఉండె అని చెప్పేసరికి మాకు ఈసీజీ తీయించింది. బీపీ చూసింది, 126కు 82. నాడి 72. బరువు 74 కిలోలు. ఈ మూడు అంకెలను చీటీ మీద రాసి, "ఇవి పోగొట్టుకోవద్దు, తర్వాత ఏం జరిగినా వీటితోనే పోల్చాలె" అన్నది. ఆ చీటీ విలువ జులైలో తెలిసింది.

ఏం పని చేస్తరు అని అడిగితే, బిల్డింగు సైటుల సూపర్‌వైజర్, రోజుకు పదిసార్లు స్కాఫోల్డింగ్ ఎక్కి దిగుతం అని చెప్పినం. ఆమె పెన్ను కింద పెట్టింది. "ఎండల నాళాలు ముందే వదులైతయి. చెమటకు నీళ్ళు పోతయి. దాని మీద ఈ గోలీ. వంగి లేచినప్పుడు కండ్లు తిరిగితే మీరు ఎక్కడ ఉంటరు?" అన్నది. అయిదు రాయకుండా రెండున్నర రాసింది. రాత్రి పడుకునే ముందు వేసుకోవాలె, గోలీ బలంగా ఉండే గంటలు పక్క మీదనే గడవాలె అని. రాత్రి ఒంటేలుకు లేస్తే మంచం మీద ఒక నిమిషం కూర్చుని లేవమన్నది. మొదటి నెలల వారానికి ఒకసారి బీపీ, బరువు చూసుకోమన్నది. చీటీ, గోలీలు డబ్బాతో సహా వెంట పెట్టుకుని విమానం ఎక్కినం.

ఇక్కడ మా మొదటి తప్పు. మా ఆవిడకు కూడా పాపిట వెడల్పయింది, దువ్వెన నిండా వెంట్రుకలు. వచ్చే ముందు రోజు ఆమె అడిగింది, "మీరు వేసుకునేదే నేనూ వేసుకుంటే కాదా?" అని. ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకపోయే రోజు లేదు. "ఒక్కటే కదా, వేసుకో" అన్నాం. రెండు పట్టీలు ఆమెకు ఇచ్చి వచ్చినం. ఆడవాళ్ళకు డోసు వేరు అని డాక్టరమ్మ చెప్పింది చెవిన పడ్డది, కానీ మనసులకు పోలేదు. కడుపుతో ఉన్నోళ్ళు, పాలిచ్చేవాళ్ళు అసలు ముట్టొద్దట. ఆమెకు ఆపరేషన్ అయ్యింది కాబట్టి ఆ ప్రమాదం తప్పింది, మా తెలివితోని కాదు.

ఫిబ్రవరిల వెంట్రుకలు ఇంకా ఎక్కువ రాలినయి. బాత్రూమ్ జాలీ నిండేది. చాలామంది ఇక్కడనే భయపడి ఆపేస్తరు. పాత వెంట్రుకను తోసి కొత్తది మొలుస్తది కాబట్టి మొదటి రెండు నెలలు రాలుడు ఉంటదని ముందే చెప్పింది గనుక ఓపిక పట్టినం. మే నెల వరకు నడినెత్తిల నూగు కనబడ్డది. ముందు నుదురు రెండు మూలలు మాత్రం అట్లనే ఉన్నయి, ఇప్పటికీ అట్లనే ఉన్నయి. అక్కడ అంత తొందరగా లొంగదట.

చేతుల మీద, చెవుల మీద కూడా వచ్చినయి. రూములో మమ్మల్ని ఎలుగుబంటి అని పిలిచేవాళ్ళు. మగోనికి అది నవ్వులాట. అది ఇంకొకరికి ఏడుపు అయితదని మాకు తట్టనే లేదు.

రెండో తప్పు జూన్‌ల. నూగు చూసి ఆశ పెరిగింది. రెండున్నరకే ఇట్ల ఉంటే అయిదుకు ఎట్ల ఉంటదో అనుకుని, ఎవరినీ అడగకుండా రెండేసి గోలీలు మొదలుపెట్టినం. బీపీ చూసుకునుడు అప్పటికే మానేసినం. అదే నెల నడుం నొప్పికి నొప్పి గోలీలు పొద్దున సాయంత్రం మింగుతున్నం. క్యాంపుల తిండి సంగతి మీకు తెలిసిందే, కూర బాగలేకుంటే పచ్చడి వేసుకుని తినుడే. ఈ గోలీ ఒంట్లో ఉప్పును, నీళ్ళను పట్టి ఉంచుతది. నొప్పి గోలీలు కూడా అదే పని చేస్తయి. పచ్చడి ఉప్పు సరే సరి. మూడూ ఒక్కచోట కలిసినయి.

జులై రెండో వారం. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండ బ్రేకు ఉంటది కదా, అది కాగానే అయిదో అంతస్తు స్లాబు మీద కడ్డీలు కట్టింది చూడనీకి పోయినం. వంగి కవర్ బ్లాకులు చూసి లేచినం. కండ్ల ముందట నల్లగా అయింది. చెయ్యి పక్కన ఉన్న పైపు మీద పడ్డది కాబట్టి నిలబడ్డాం. పది సెకన్లు ఉంటదేమో. పక్కనున్న బిహారీ పిల్లగాడు "ఉస్తాద్, బైఠో బైఠో" అని కూర్చోబెట్టిండు. సేఫ్టీ ఆఫీసరుకు చెప్పలేదు. చెప్తే పైకి ఎక్కనియ్యరు, పైకి ఎక్కని సూపర్‌వైజర్‌ను ఎన్ని రోజులు ఉంచుకుంటరు అని భయం. ఎండ దెబ్బ అనుకుని నీళ్ళు తాగి పని చేసినం.

రాత్రి బూట్లు విప్పుతుంటే రాలేదు. పొద్దున తొడుక్కునేటప్పుడే బిర్రుగా ఉండె, సాక్సు అంచు కాలు మీద గాడి పడ్డది. చీలమండ పైన ఎముక మీద బొటనవేలుతో నొక్కి పట్టినం. తీస్తే గుంట అట్లనే ఉండిపోయింది, మెల్లగా నిండింది. అప్పుడు సంచిలో నుంచి ఆ చీటీ తీసినం. స్టోరు దగ్గర కాటా మీద ఎక్కితే 76న్నర. తిండి ఏం పెరగలేదు, పది రోజులల్ల రెండున్నర కిలోలు. నాడి చూసుకుంటే కూర్చుని ఉండంగ 96. జనవరిల 72.

డాక్టరమ్మ చీటీ వెనక రాసిచ్చిన గుర్తులు ఇవే. నాడి మామూలు కంటే ఇరవై పెరిగితే, బరువు ఉన్నట్టుండి రెండు కిలోల పైన పెరిగితే, కాళ్ళు గాని మొహం గాని వాస్తే, పడుకుంటే ఊపిరి ఆడకుంటే, ఛాతీల నొప్పి వస్తే, కండ్లు తిరిగితే చెప్పాలె. ఊపిరి, ఛాతీ సంగతి అయితే ఫోను కాదు, నేరుగా ఆస్పత్రికి పోవాలె. పెద్ద డోసుల్లో ఈ మందుకు గుండె చుట్టూ నీరు చేరిన కేసులు ఉన్నయి, అందుకే డబ్బా కాగితం మీద ఆ హెచ్చరిక పెద్దగా ఉంటది. జుట్టుకు వాడే డోసుల అది చాలా అరుదు అన్నది. అరుదు అయినా గుర్తు పట్టేది మనమే.

మరునాడు సెలవు చెప్పి క్లినిక్‌కు పోయినం. ఇక్కడి డాక్టరు పండబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసిండు. పండుకుంటే 118, నిలబడ్డంక 96. గుండె, ఊపిరితిత్తులు విని, ఈసీజీ తీసి, ఛాతీల ఇబ్బంది ఏం లేదన్నడు. నొప్పి గోలీలు ఆపమన్నడు. జుట్టు గోలీ కూడా వాపు దిగేదాక బంద్ అన్నడు. సేఫ్టీ ఆఫీసరుకు కాగితం ఇచ్చినం. వారం కింద ఉండి పని చూడమన్నడు, అంతే. ఉద్యోగం ఏం పోలేదు. కండ్లు తిరిగిన రోజే చెప్పి ఉంటే ఆ సాయంత్రం మళ్ళీ రెండుసార్లు పైకి ఎక్కే పని ఉండకపోయేది.

ఆ రాత్రి ఇంటికి ఫోను చేసి సంగతి చెప్పినం. మే నుంచి ఆమె వీడియో పెట్టుడు మానేసింది. సిగ్నల్ లేదు, ఛార్జింగ్ లేదు, పని మీద ఉన్న అనేది. మా తమ్మునికి పైసలు పంపినమని కోపం ఉండె, దాని మీద అలిగింది అనుకున్నాం. మేమూ పట్టుదలకు పోయి అడగలేదు. రెండు నెలలు అట్ల గడిచినయి. ఆ రోజు కాళ్ళ వాపు అనంగనే ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ గోలీ వల్లనేనా? అయితే నాకు వచ్చింది కూడా దానివల్లనే అయ్యుంటది" అన్నది. వీడియో ఆన్ చేసింది.

చెవుల పక్కన కిందికి, బుగ్గల మీద, కనుబొమల నడుమ నల్లగా నూగు. పెదవి మీద కూడా. చెల్లె బిడ్డ పుట్టినరోజుకు పోతే ఎవరో ముసలామె "ఏందే, మీసాలు వస్తున్నయ్" అన్నదట పదిమందిల. అప్పటి నుంచి కొంగు చెంపకు అడ్డం పెట్టుకుని తిరుగుతున్నది. గోలీ అని ఆమెకు తోచలేదు, నెత్తి మందుకు మొహానికి ఏం సంబంధం అనుకున్నది. కడుపుల ఏదో గడ్డ ఉండి మగలక్షణాలు వస్తున్నయి అనుకుని, మాకు చెప్తే ఏమంటమో అని లోపల్లోపల కుమిలింది. పాపిట మాత్రం నిండింది. అందుకే గోలీ ఒక్కరోజు తప్పకుండా వేసుకున్నది.

మరునాడే బిడ్డను వెంట పెట్టుకుని అదే డాక్టరమ్మ దగ్గరికి పోయింది. ముందు ఆమె మమ్మల్ని తిట్టింది, ఫోన్‌లనే, బాగనే తిట్టింది. తర్వాత మా ఆవిడను నెలసరి సరిగ్గా వస్తున్నదా, గొంతు మారిందా, గడ్డం కింద ముతక వెంట్రుకలు ఉన్నయా అని అడిగింది. ఏమీ లేవు. హార్మోను తేడా అయితే గడ్డం, పెదవి మీద ముతకగా వస్తది, నెలసరి తప్పుతది, దానికి పరీక్షలు కావాలె. ఈ గోలీది అట్ల కాదు, సన్నగా, మెత్తగా, చెంపలు, నుదురు, చేతుల మీద అంతటా వస్తది. ఇది మగ హార్మోను మందే కాదు. నెత్తిల కుదుళ్ళను లేపినట్టే మొహం మీది కుదుళ్ళను కూడా లేపుతది, అంతే. మొదటి రెండు మూడు నెలలనే బయటపడతది. డోసు ఎక్కువైతే ఎక్కువ. స్పెయిన్ డాక్టర్లు పద్నాలుగు వందల మందిని చూస్తే నూటికి పదిహేను మందికి వచ్చిందట. దాని కోసం మందు మానేసింది మాత్రం చాలా తక్కువ మంది.

మా ఆవిడ అడిగింది ఒక్కటే, పోతయా అని. గోలీ ఆపితే కొన్ని నెలలకు పోతయి, కానీ నెత్తి మీద వచ్చింది కూడా పోతది అన్నది. ఒకటి ఉంచి ఒకటి తీసే దారి గోలీకి తెల్వదు. నడుమ దారి ఏందంటే డోసు తగ్గించుడు. రెండున్నర గోలీని నాలుగు ముక్కలు చేసి పావు, అంటే అర మిల్లీగ్రాము కంటే కొంచెం ఎక్కువ. ముందే వచ్చి ఉంటే తను మొదలుపెట్టేది అక్కడనే అన్నది. మొహం మీదివి దారంతో తీయించుకోవచ్చు, రేజర్‌తో గీసుకున్నా ఎక్కువ రావు, గీస్తే ముతకగా వస్తయి అనేది ఉత్తమాట. రక్తం, థైరాయిడ్ పరీక్ష రాసింది. రక్తం తక్కువ ఉన్నది, తొమ్మిదిన్నర. అంటే ఆమె జుట్టు రాలుడుల సగం కారణం అదేనేమో! మేము ఇచ్చిన గోలీకి ఆ సంగతి ఎట్ల తెలుస్తది? ఐరన్ మందు మొదలయింది.

ఆమె నెల రోజులు ఆలోచించింది. గోలీ పూర్తిగా ఆపుతా అన్నది, మళ్ళా వద్దన్నది. మేము ఏం చెప్పలేదు, చెప్పే అర్హత లేదు. ఆఖరికి పావు ముక్క ఒప్పుకున్నది. దసరా నాటికి బుగ్గల మీద పలచబడ్డది, సంక్రాంతి వరకు దగ్గరగా చూస్తే తప్ప తెల్వదు. కనుబొమల నడుమ మాత్రం నెలకోసారి దారం పెట్టించుకుంటది. పాపిట అప్పటంత నిండుగా లేదు, మునుపటంత వెడల్పూ లేదు.

మాకు వాపు పది రోజులల్ల దిగింది, బరువు 74కు వచ్చింది. డాక్టరమ్మను అడిగి ఆగస్టులో మళ్ళీ రెండున్నరే మొదలుపెట్టినం. నొప్పి గోలీలు బంద్, నడుముకు బెల్టు.

ఇప్పుడు అసలు అడిగినోళ్ళకు. మా రూములనే ఒక తమ్ముడు "రెండు పట్టీలు ఇయ్యి అన్నా, లీవు దాక నడుస్తది" అన్నడు. వాడు బీపీకి రోజూ గోలీ వేసుకుంటడు, దానికే వాని కాళ్ళు సాయంత్రానికి కొంచెం ఉబ్బుతయి. ఇయ్యలేదు. రెండు రోజులు మాట్లాడలేదు వాడు. బీపీ గోలీ వేసుకునేటోళ్ళు, షుగరుతో కిడ్నీ దెబ్బతిన్నోళ్ళు, గుండెకు స్టెంటు పడ్డోళ్ళు, మగతనం గోలీలు చాటుగా వేసుకునేటోళ్ళు ముందు ఆ సంగతి డాక్టరు చెవిన వేయండి. సిగ్గుపడి దాచిన గోలీ కూడా బీపీని దించుతది. గోలీ పట్టీ మాత్రం మా దగ్గర అడగకండి.

రాత్రి తొమ్మిదికి ఫోను. ఇప్పుడు వీడియోనే. "కాళ్ళు నొక్కి చూసుకున్నరా?" అంటది ముందుగాల. ఫోను కిందికి వంచి, బొటనవేలు ఎముక మీద పెట్టి అయిదు లెక్కబెట్టి తీస్తాం. గుంట పడలేదని ఆమె చూసినంకనే పిల్లల ముచ్చట మొదలైతది.